ఎడమ పక్క గీత

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో అందరూ అంటారు, ఆసుపత్రిలో ఎవరూ అనరు. డాక్టరు కోపాన్ని అక్కడ పని ఒత్తిడి అంటారు. పదిహేనేళ్ళు నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పినప్పుడల్లా, ఐసీయూలో నోరు మంచిగా ఉంటే పనులు కావమ్మా అనేదాన్ని.

మా అమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కల కార్ఖానాలో పని చేసి నన్ను చదివించింది. పిక్క కొట్టినప్పుడు చిందే జీడి రసానికి ఆమె వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. అందుకే ఆ రోజు టెక్కలిలో నేను పని చేసే ఆసుపత్రికి అంబులెన్సులో ఒకామెను తెచ్చినప్పుడు ముందు ఆమె వేళ్ళే చూశాను. నల్లటి వేళ్ళు. యాభై ఏళ్ళుంటాయి. ఉద్దానం పల్లె. రెండేళ్ళుగా కిడ్నీలు పని చేయక పలాసలో డయాలిసిస్ చేయించుకుంటోంది. ఇంటిలో ఏదో పెళ్ళి పనుండి ఒక వాయిదా మానేసింది. ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి, మాట కూడా రాకుండా ఆయాసపడుతోంది.

వెంట భర్త ఉన్నాడు. కొబ్బరి తోట రైతు. లుంగీ మీద ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆమె రిపోర్టులున్న బట్టల కొట్టు సంచి. నన్ను "తల్లీ" అని పిలిచాడు. ఆ సంచి నా చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాడు. రెండేళ్ళుగా ఆసుపత్రులు తిరిగినవాళ్ళకు ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

మత్తిచ్చి గొంతులో శ్వాస గొట్టం వేశాను, వెంటిలేటరు పెట్టాం. మందులు ఎక్కించడానికి చేతిలో నరం దొరకలేదు. ఎడమ చేతిలో ఉన్నది డయాలిసిస్ కోసం కుట్టిన నరం, దాన్ని మేం ముట్టకూడదు. కుడి వైపు మెడలో పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ వేశాను. ఆ తర్వాత ఎక్స్‌రేకి చెప్పాను.

మా ఎక్స్‌రే టెక్నీషియన్ది నందిగాం. రిటైర్మెంటుకు రెండు మూడేళ్ళున్న పెద్దమనిషి. పొద్దున వరి చేను చూసుకుని బండి మీద వచ్చేవాడు. ఆయనకో అలవాటుంది. ఐసీయూలో మంచం మీదే ఎక్స్‌రే తీసేటప్పుడు, రోగి ఛాతీ మీదున్న మానిటరు తీగలన్నీ ఒక్కొక్కటీ తీసి భుజాల వైపు సర్ది ప్లాస్టరు అంటిస్తాడు. వీలైనంత వరకూ ఫిల్మ్ మీద ఛాతీలో ఏ తీగా పడనివ్వడు. దానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నాలుగు నిమిషాలు నేను పళ్ళు కొరుక్కుంటూ నిలబడేదాన్ని.

మొదటి రోజు ఫిల్మ్ ఆయన తీరుగానే తీశాడు. లైటు పెట్టె మీద పెట్టగానే పట్టేశాను. శ్వాసనాళం ఛాతీ మధ్యలో రెండుగా చీలుతుంది. గొట్టం కొస ఆ చీలికకు నాలుగైదు సెంటీమీటర్లు పైనుండాలి. ఈమెకు అది చీలిక దాటి కుడి శాఖలోకి దిగిపోయింది. గాలి కుడి ఊపిరితిత్తికే వెళ్తోంది, ఎడమది ముడుచుకుంటోంది. పెదవి దగ్గర ఇరవై ఆరు సెంటీమీటర్ల గుర్తున్న గొట్టాన్ని ఇరవై ఒకటికి లాగి కట్టించాను. రెండు వైపులా ఊపిరి శబ్దం సమంగా వినిపించింది. సెంట్రల్ లైన్ కొస గుండెలోకి చేరే పెద్ద సిర చివర, ఉండాల్సిన చోటే ఉంది. వేసేటప్పుడు సూది తగిలి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన గుర్తు కూడా లేదు. ఆ సాయంత్రం డయాలిసిస్ యంత్రం మంచం దగ్గరికే తెప్పించి నీరు లాగించాం. ఆమె కాస్త తేరుకుంది. "మేడమ్ కన్ను పడితే చాలు" అంది సిస్టరు. నేను కాదనలేదు. ఆ మాట నాతోపాటు ఇంటికి కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున సిస్టరు ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసింది. పొట్టలోకి ఆహారం పంపే సన్న గొట్టం అది. సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి, "గాలి వినిపించింది మేడమ్" అంది. ఆ శబ్దాన్ని నమ్మకూడదని నేనే కొత్తగా చేరే పిల్ల డాక్టర్లకు పాఠం చెప్పేదాన్ని. గొట్టం ఊపిరితిత్తిలో ఉన్నా ఆ శబ్దం పొట్ట మీద వినిపించవచ్చు. మెలకువగా ఉన్న మనిషైతే దారి తప్పిన గొట్టానికి దగ్గుతాడు. ఈమె గాఢమైన మత్తులో ఉంది, దగ్గదు. అందుకే ఫీడు ఇచ్చే ముందు ఫిల్మ్ చూడాలి. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఈ కథ రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

టెక్నీషియన్ వచ్చి తీగలు సర్దబోయాడు. ఆ పొద్దున నాకు ఇంకో మంచం దగ్గర పనుంది, ఎమర్జెన్సీ నుంచి రెండు ఫోన్లు వచ్చాయి.

"తీగలు వదిలేయండి. మానిటరు ఆగిపోతే మళ్ళీ మీరు చూస్తారా?" అన్నాను.

"రెండు నిముసాలు మేడమ్. తీగలుంటే ఫిల్ములో గొట్టాలూ అయీ కలిసిపోతాయి."

"అలాగే తీయండి."

ఆయన అలాగే తీశాడు. ఫిల్మ్ తెచ్చి పెట్టె మీద పెట్టాడు. నేను కూర్చోకుండానే చూశాను. ముందు నా శ్వాస గొట్టం. కొస చీలికకు నాలుగు సెంటీమీటర్ల పైన, చక్కగా ఉంది. తర్వాత నా సెంట్రల్ లైన్. నిన్నటి చోటే. రెండూ నేను వేసినవే. అప్పటికే నా మనసు ఆ ఫిల్మ్ దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోయింది. మూడోది సిస్టరు వేసింది. మా ఐసీయూలో అదో రివాజు, ఎవరు వేసిన గొట్టం మీద వాళ్ళకే ప్రేమ. మెడ మధ్యలోంచి ఒక సన్న గీత దిగుతోంది. కింద ఎడమ పక్కన, గుండె మీదుగా, పొట్ట వైపు ఒక గీత పోతోంది. పైదీ కిందదీ ఒకటే అనుకున్నాను. మధ్యలో ఎలా కలిశాయో చూడలేదు.

"మేడమ్, ఆ ఎడమ పక్క గీత మానిటరు తీగ లాగున్నాది. ఒకపాలి సూడండి" అన్నాడు ఆయన మెల్లగా, సిస్టరుకు వినపడకుండా. నా పరువు కోసమే అంత మెల్లగా అన్నాడని నాకు తర్వాత అర్థమైంది.

నేను మాత్రం వార్డంతా వినేలా అన్నాను. "ఫిల్మ్ తీయడం మీ పని. చదవడం నా పని."

ఆయన ఫిల్మ్ పెట్టే క్యాసెట్టు చంకలో పెట్టుకుని యంత్రాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, నేను కేసు షీటులో రాశాను. శ్వాస గొట్టం, సెంట్రల్ లైన్, రైల్స్ ట్యూబ్, మూడూ సరైన చోట ఉన్నాయి, ఫీడు మొదలుపెట్టవచ్చు. కింద సంతకం. నా సంతకం పెద్దగా ఉంటుంది.

సిస్టరు వంద మిల్లీలీటర్ల పాల ఫీడు పోసింది. పావుగంటలో వెంటిలేటరు మోగడం మొదలుపెట్టింది. రక్తంలో ఆక్సిజన్ తొంభై ఆరు నుంచి ఎనభైకి పడిపోయింది. శ్వాస గొట్టంలో సక్షన్ పెడితే తెల్లటి ద్రవం వచ్చింది. ఊపిరితిత్తుల నీరు గులాబి నురగలా వస్తుంది. ఇది పాలలా ఉంది.

ఫీడు ఆపించి, రైల్స్ ట్యూబులోంచి వెనక్కి లాగగలిగినంత లాగి, దాన్ని తీసేశాను. శ్వాస గొట్టంలోంచి మళ్ళీ మళ్ళీ సక్షన్ చేశాం. వెంటిలేటరులో ఆక్సిజన్ నూరు శాతానికి పెంచాం. ఆమె రక్తంలో ఆక్సిజన్ తొంభైకి చేరాక నేను లైటు పెట్టె దగ్గరికి వెళ్ళాను. ఈసారి కూర్చున్నాను. మెడ నుంచి దిగుతున్న సన్న గీత మీద వేలు పెట్టి నడిపించాను. రైల్స్ ట్యూబ్ పొట్టలోకి వెళ్తుంటే ఛాతీ మధ్యలోంచి నిటారుగా దిగి, చీలిక దాటినా ఏ పక్కకూ తిరగకుండా, పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న గోడ దాటాక ఎడమకు మళ్ళాలి. నా వేలు చీలిక దగ్గర కుడి శాఖలోకి తిరిగింది. ఇంకా నీరున్న కుడి ఊపిరితిత్తి తెల్లదనంలో మసకగా కిందికి దిగి, గోడకు పైనే ఆగిపోయింది. మరి ఎడమ పక్క గీత? దాన్నీ నడిపించాను. అది పొట్ట దగ్గర ఆగలేదు. ఒంటి అంచు దాటి, ఫిల్మ్ చివరిదాకా బయటికి పోయింది. మనిషి లోపలున్న గొట్టం మనిషి బయటికి పోదు. ఇది చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఆయన సర్దుతానన్న తీగ, నేను వద్దన్న తీగ అది.

టెక్నీషియన్ మళ్ళీ ఫిల్మ్ తీయడానికి వచ్చాడు. తీగలన్నీ సర్దాడు. నేను నోరెత్తలేదు. కుడి ఊపిరితిత్తి కింది భాగం ఇంకా తెల్లబడింది. ఆయన ఫిల్మ్ పెట్టె మీద పెట్టి నా మొహం చూడకుండా వెళ్ళాడు. ఒక్క మాట అన్నా బాగుండేది. ఆయన అనలేదు, నేను క్షమించమనలేదు. ఇద్దరం ఆ రోజు అలాగే ఇంటికెళ్ళాం.

మా పెద్ద డాక్టరుకు జరిగింది చెప్పాను. "బతికించు ముందు. పెద్దది చేయకు" అన్నాడు. సిస్టరు తన తప్పే అనుకుని రెండు రోజులు కళ్ళు వాచేలా ఏడ్చింది. వేసింది నువ్వయినా చూసి సరేనని సంతకం చేసింది నేనే అని ఆమెకు చెప్పడానికి నాకు మూడో రోజు దాకా నోరు రాలేదు.

అసలు సిగ్గు ఇది కాదు.

పాలు పోసిన రోజు సాయంత్రమే, చూడడానికి వచ్చే వేళలో భర్త వచ్చాడు. నిన్న బాగుందన్నారు, ఇవాళ ఇదేటి అని అడిగాడు. నేను చెప్పాను. "ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. న్యుమోనియా వచ్చేలా ఉంది." వెళ్ళిందట. ఎవరు పంపారో ఆ వాక్యంలో లేదు. దాన్ని అలా కట్టడానికి నాకు క్షణం కూడా పట్టలేదు.

ఆయన కాసేపు ఆమె కాళ్ళ వైపు చూశాడు.

"నిన్న తెల్లారి గంజి తాగించినాను తల్లీ. వొద్దన్నాది. ఆయాసంగా ఉన్నాదని సేత్తో తోసేసినాది. ఒంట్లో సత్తువ ఉండాలని నానే బలవంతంగా తాగించినాను. అదేనా ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోనాది?"

కాదు అనాలి. రెండక్షరాలు. నిన్నటి గంజికీ ఇవాళ్టి పాలకూ సంబంధం లేదని నాకు తెలుసు.

"అలా కూడా జరగొచ్చు" అన్నాను.

ఆయన తల ఊపాడు. బయటికి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా లోపలికి వచ్చి మందుల చీటీ రాశాను.

ఆమె బతికింది. పదకొండు రోజులు వెంటిలేటరు మీద ఉండి, జ్వరాలు పడి, బరువు సగమై, తన ఊపిరి తాను పీల్చుకుంది. డిశ్చార్జి రోజున ఆయన అరటి ఆకులో చుట్టిన జీడిపప్పు పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టి దణ్ణం పెట్టాడు. ఆ పొట్లం అలాగే సిస్టర్ల గదిలో పెట్టించాను. నా గొంతు దిగదని తెలుసు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి వెళ్ళబోతూ టెక్నీషియన్, "మేడమ్, ఇయి మీ కాడ ఉంచుకోండి" అంటూ నాకో కవరిచ్చాడు. ఆ తప్పు జరిగిన రోజు ఫిల్ములు. ఎందుకని అడగలేదు. ఆయన్ని అప్పుడు క్షమాపణ అడిగాను. "తమరు ఇంక నుంచి తీగలు సద్దనిత్తే సాలు" అన్నాడు. అప్పట్నుంచి నేనే ఆయనతోపాటు నిలబడి తీగలు పట్టుకుంటున్నాను. పిల్ల డాక్టర్ల చేత ప్రతి గొట్టాన్నీ ముక్కు దగ్గర్నుంచీ నోటి దగ్గర్నుంచీ కొస దాకా వేలితో నడిపిస్తున్నాను. నువ్వు వేసిన గొట్టం ఆఖరున చూడు, ఎదుటివాళ్ళు వేసింది ముందు చూడు అంటాను. వాళ్ళు నన్ను మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు కూడా నాకు అప్పులాగే అనిపిస్తుంది.

ఆరు నెలలు గడిచాయి. పలాసలో డయాలిసిస్ సెంటరు డాక్టరు సెలవులో ఉంటే నన్ను గురువారాలు చూడమన్నారు. మొదటి గురువారమే ఆమె కనిపించింది. నాలుగో మంచం. నన్ను గుర్తు పట్టలేదు, నేను చూసిన రోజుల్లో మత్తులో ఉన్న మనిషి కదా. భర్త గుమ్మం దగ్గర స్టూలు మీద ఉన్నాడు. లేచి దణ్ణం పెట్టాడు.

డయాలిసిస్ అయ్యేసరికి అందరికీ నాలుక పిడచకట్టుకుపోతుంది. కొద్దిగా నీళ్ళిస్తారు, కొలత ప్రకారం. ఆమె నీళ్ళడిగింది. సీసా ఆయన ఒళ్ళో ఉంది. ఆయన లేవలేదు. పక్క మంచం దగ్గరున్న అమ్మాయిని పిలిచి, "ఒకపాలి ఈవిడికి నీళ్ళియ్యమ్మా" అంటూ సీసా ఇచ్చాడు.

ఆమె నన్ను చూసి నవ్వింది. "సూసినారా మేడమ్. ఈయన నాకు మంచినీల్లు కూడా పొయ్యడు. ఆస్పత్రి నుంచి వొచ్చిన కాడ్నుంచీ ఇంతే. అన్నం మా కోడలు పెట్టాల, మాత్తర మనవరాలియ్యాల. పెళ్ళి సేసుకున్నప్పుడు లేని బయం ఇప్పుడొచ్చినాది."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. కొబ్బరి చెట్లెక్కి గట్టిపడ్డ చేతులు. నేను రౌండ్లు సగంలో ఆపి బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

తర్వాతి గురువారం ఆ కవరు తీసుకెళ్ళాను. ఆయన్ని వరండాలోకి పిలిచి ఫిల్మ్ తీసి కిటికీ వెలుతురుకు పట్టాను. అన్నీ చెప్పాలని రాత్రే కూర్చి పెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఇది మీ ఆవిడ ఛాతీ. ఇది ఊపిరి గొట్టం, ఇది మందుల గొట్టం. పాలు పోసే గొట్టం ఇక్కడ మొదలవుతుంది, చూడండి" అన్నాను.

ఆయన వేలు పెట్టి మెల్లగా దించాడు. చీలిక దగ్గర ఆగాడు. మడికి నీళ్ళు ఏ కాలవలోకి మళ్ళాయో చూసేవాడిలా ఒంగి చూసి, వేలు కుడి శాఖలోకి తిప్పాడు. ఊపిరితిత్తిలో ఆగింది.

"ఇది పొట్టనా?"

"కాదు."

"మరి ఈ ఎడమ పక్క గీతేటి?"

"మానిటరు తీగ. ఒంటి మీద ఉంది, లోపల కాదు. నేను దాన్ని చూసి గొట్టం పొట్టలోకి వెళ్ళిందనుకున్నాను. పాలు పోయమని రాశాను. మీరు తాగించిన గంజి వల్ల ఏమీ కాలేదు. ఆ రోజే నాకు తెలుసు."

"ఎవురూ సూడనేదా?"

"ఒకాయన చూసి చెప్పారు. నేను ఆయన్ని కసిరాను."

ఆయన ఫిల్మ్ వైపే చూస్తున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"మరి నాను అడిగితే అలా సెప్పినారేటి తల్లీ?"

"సిగ్గేసింది. భయమేసింది."

"మీ సిగ్గు నాను మోసినాను. ఆర్నెల్లు" అన్నాడు. గొంతు పెంచలేదు. "దానికి నా సేత్తో మెతుకు పెట్టలేదు. నాను ముట్టుకుంటే సచ్చిపోద్దనుకున్నాను."

నేను క్షమించమన్నాను. ఆయన విన్నాడో లేదో తెలియదు. నేను ఫిల్మ్‌ను కవరులోకి వంకరగా దూరుస్తుంటే, తనే తీసుకుని పెట్టి నా చేతికిచ్చాడు.

"ఆవిడికి కూడా మీరే సెప్పాల" అన్నాడు. "ఆగండి. ముందు నీళ్ళు తాగనీండి."

లోపలికి వెళ్ళాడు. సిస్టరును అడిగి ఎంత పోయవచ్చో కనుక్కున్నాడు. గ్లాసులో సగం పోసి, ఆమె తల కింద చెయ్యి పెట్టి లేపి, పెదవులకు ఆనించాడు. ఆమె ఒక గుక్క తాగి ఆయన మొహంలోకి చూసింది. "ఇయ్యాలేటి ఈ వింత?" అంది. ఆయన చుక్క చుక్కగా వంచుతూనే ఉన్నాడు.

గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.